మా ఇంటికి, ఈ ఆఖరి రాత్రి

పిల్లలందరూ హాల్లో జంపఖానాల మీద అడ్డదిడ్డంగా పడి నిద్రపోతున్నారు. పెద్దవాళ్ళు మేడ మీద ఇంకా మాట్లాడుకుంటూనే ఉన్నారు. మంచాలు, బీరువాలు, ఉయ్యాల బల్ల మొన్ననే లారీ ఎక్కాయి గనక నేను రెండో కట్టులో, మండువా పక్కన గచ్చు మీదే చతికిలబడి నీతో మాట్లాడుతున్నాను. రేపు పదిన్నరకి రిజిస్ట్రేషను. ఆ తరువాత నిన్ను మా ఇల్లు అనడానికి మాకు హక్కు ఉండదు. చెప్పుకోవలసిందేదో ఈ రాత్రే చెప్పుకోవాలి.

నేను నీలో పుట్టినదాన్ని కాను. 1979లో నెల్లూరు నుంచి మద్రాసుకి కోడలిగా వచ్చి నీ గడప తొక్కాను. కుడికాలు లోపల పెట్టానో లేదో తుమ్ములే తుమ్ములు. పెళ్ళికూతురు బిడియంతో తల వంచుకుందని అందరూ అనుకున్నారుగానీ అసలు సంగతి మిరపకాయలు. మొదటి కట్టంతా మామయ్యగారి మండీ సరుకు. గుంటూరు నుంచి బస్తాలు దిగిన రోజున మేడ మీద ఆరేసిన చీరలకి కూడా ఆ ఘాటు పట్టేది. నెల తిరిగేసరికి నాకూ తుమ్ములు ఆగిపోయాయి. అప్పుడు అత్తయ్య, ‘ఇంక నువ్వు ఈ ఇంటిదానివయ్యావు’ అంది. నీలో పుట్టినవాళ్ళు పెళ్ళిళ్ళనీ ఉద్యోగాలనీ ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. నేను ఉండిపోయాను.

ఇవాళ పొద్దుటి నుంచీ నీలో ఎంత సందడో! హైదరాబాదు నుంచి చిన్న మరిది వాళ్ళు, కోయంబత్తూరు నుంచి ఆడబిడ్డ, ముడిచ్చూరు నుంచి పెద్ద బావగారు, అక్కయ్య. గోవిందప్ప నాయకన్ వీధిలో కారు ఆపే చోటు లేక సామాన్లు చేత్తో మోసుకుంటూ సందులోకి వచ్చారు. తిరుపతి గొడుగుల రోజున కూడా ఇంతమందీ కలిసి చాలా కాలమైంది. చెన్నకేశవ పెరుమాళ్ గుడి నుంచి తిరుమల స్వామికి గొడుగులు బయల్దేరి ఏనుగు గేటు దాటే రోజంటే ఒకప్పుడు నీలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు. ఎవరి చుట్టమో కూడా అడక్కుండా అత్తయ్య గంగాళంతో పులిహోర కలిపేది.

సాయంత్రం బావగారు పాత దస్తావేజు బయటికి తీశారు. తాతగారు నిన్ను కొన్న 1926 నాటి కాగితం, పూర్తిగా తెలుగులో ఉంది. లాయరుగారు తమిళాయన, చదవలేరు. మనవలకి తెలుగు మాట్లాడ్డం వచ్చుగానీ అక్షరాలు రావు. ‘నువ్వు చదవమ్మా’ అని బావగారు నా చేతికిచ్చారు. మడతల దగ్గర బట్టలా మెత్తబడిపోయింది. తూర్పున వీధి, పడమట సందు, ఉత్తరాన పక్కింటివారి గోడ అంటూ హద్దులు చదివాను. తరువాత ‘నిధి నిక్షేప జల తరు పాషాణాది అష్టభోగ స్వామ్యములతో సహా’ అని ఉంది. నేను ఆ మాట దగ్గరికి వచ్చేసరికి హైదరాబాదు చిన్నోడు లేచి నుంచున్నాడు.

‘నిధి అంటే ట్రెజరేనా నానమ్మా?’

‘అవునురా. భూమిలో ఏముంటే అది. నీళ్ళు, చెట్లు, రాళ్ళతో సహా.’

ఇంకేముంది! ఫోన్ల లైట్లు వేసుకుని పిల్లలంతా అటకెక్కారు. బూజులో, గబ్బిలాల కంపులో గంటసేపు వెతికి, చివరికి దొరికిందని అరుస్తూ దిగారు. ఒక ఇనప వీశె గుండు, పాత చిట్టా పుస్తకాల కట్ట, మా ఆయన పేరు సున్నంతో రాసిన పలక ముక్క. చిట్టాలో ఒక పేజీ మీద ‘1942 ఏప్రిల్’ అని ఉండి, ఆ తరువాత పేజీలన్నీ ఖాళీ. అత్తయ్య చెప్పిన కథ అదే. జపానువాళ్ళు బాంబులు వేస్తారని పట్నమంతా ఖాళీ అవుతుంటే ఆడవాళ్ళనీ పిల్లలనీ నెల్లూరు రైలెక్కించి తాతగారు ఒక్కరే నీకు కాపలా ఉన్నారు. సరుకు లేదు, బేరం లేదు. అయినా మండువాలో రోజూ దీపం పెట్టారట.

మేడ కథ నాకు ఇంకా ఇష్టం. పొట్టి శ్రీరాములుగారు పోయినప్పుడు, 1952 డిసెంబరులో, మామయ్యగారు ఆ ఊరేగింపులో నడిచి చెప్పులు పోగొట్టుకుని ఇంటికొచ్చారు. మరుసటి ఏడు అక్టోబరులో కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు రాలేదు. ఇక్కడ మనకేముంది, అమ్మేసి బెజవాడ పోదామని చుట్టాలు పోరారు. తాతగారు మారుమాట్లాడకుండా మర్నాడు మేస్త్రీని పిలిపించి మేడకి కొలతలు వేయించారు. ఎక్కడో కూలగొట్టిన ఇంటివి, పాత బర్మా టేకు దూలాలు కొనుక్కొచ్చారు. దూలాల మీద సన్నటి ఇటుకలు నిలువుగా పేర్చి, సున్నం పోసి, కరక్కాయలూ బెల్లం నానబెట్టిన నీళ్ళు చిలకరిస్తూ ఆడకూలీలు వరసగా కూర్చుని చెక్కలతో రోజుల తరబడి కొట్టారు. అత్తయ్య అప్పటికి కొత్త కోడలు. ఆ చప్పుడు ఎప్పుడు ఆగితే అప్పుడు అన్నం వార్చేదట. తాళం తప్పకుండా పాడుకుంటూ కొట్టేవాళ్ళని చెప్పేది.

ఆ మేడే ఇప్పుడు మనల్ని విడదీస్తోంది. మధ్యలో ఎప్పుడో కారుతోందని పైన సిమెంటు పోయించాం. లోపలి చెమ్మ బయటికి పోయే దారి లేక గోడల్లో దిగిన దూలాల కొసలు పుచ్చిపోయాయి. ఇంజనీరు సూది లాంటి పనిముట్టు గుచ్చితే సగందాకా దిగిపోయింది. సున్నం పని తెలిసిన మేస్త్రీలు అరుదు. దొరికినా ఆ ఖర్చు ఒక్క పింఛను మీద బతికే ఇంటికి అందేది కాదు. వాటాదారులు ఎనిమిది మంది. ఎవరూ కానివాళ్ళు కారు. చిన్న మరిదికి పిల్ల చదువు, ఆడబిడ్డకి ఆయన వైద్యం. ఎవరి అవసరం వాళ్ళది. ఈ మాట నీకు చెప్పకుండా పోలేను. డబ్బు మీద యావతో నిన్ను వదల్లేదు. నీ కింద పడుకునే పిల్లల మీద దూలం పడుతుందేమోనన్న భయంతో వదిలాం.

2015 డిసెంబరు వానల్లో ముడిచ్చూరులో నీళ్ళు ముంచేస్తే బావగారి కుటుంబం తడిసిన బట్టలతో నీ దగ్గరికే వచ్చింది. అప్పటికే నువ్వు నాలుగు చోట్ల కారుతున్నావు. కారే చోటల్లా గిన్నెలు పెట్టి, కారని చోటల్లా మనుషుల్ని పడుకోబెట్టాను. వాళ్ళ ఇంట్లో బురద ఆరేదాకా ఇక్కడే ఉన్నారు. పదేళ్ళుగా మాటలు లేని అన్నదమ్ములు ఆ వానల్లోనే మళ్ళీ ఒక కంచం దగ్గర కూర్చున్నారు. నీకు నేను ఎన్ని దణ్ణాలు పెట్టినా ఆ ఒక్కదానికి చాలవు.

ఈ రాత్రి వంట నేనే చేశాను. హోటలు నుంచి తెప్పిద్దామని మరిది అంటే ఒప్పుకోలేదు. మన సిలిండరు ఇచ్చేశాం గనక ఎదురింటి తమిళావిడ తన స్టవ్ తెచ్చి గట్టు మీద పెట్టింది. పెట్టి పోలేదు, కూర్చుని వంకాయలు తరిగి పోయింది. పప్పుచారు, వంకాయ కూర, గుమ్మడి వడియాలు. కందిపచ్చడి మాత్రం మిక్సీలో వెయ్యలేదు. మూడో కట్టులో నేలలో పాతిన రుబ్బురోట్లో అక్కయ్యా నేనూ చెరో పక్కన కూర్చుని రుబ్బాం. ఇన్నాళ్ళకి తోటికోడళ్ళం ఒకే పొత్రం పట్టుకుంటే ఇద్దరి చేతులూ అవే తిరిగాయి. ఎడమవైపు అంచు అత్తయ్య మణికట్టు ఆని ఆని నున్నగా అరిగిపోయి ఉంది. అక్కడ నూనె రాసినట్టు మెరుస్తుంది. పచ్చడి తియ్యడానికి చెయ్యి పెట్టిన ప్రతిసారీ నా మణికట్టూ అక్కడే ఆనుతుంది.

తిన్నాక మా ఆయన గునపం పట్టుకొచ్చారు. రోలు లేకుండా నేను కదలనని ఎవరితోనూ అనలేదు, ఆయనకే తోచింది. అన్నదమ్ములు ముగ్గురూ పంచెలు ఎగ్గట్టి తవ్వారు. మేనల్లుడు, వాడు వకీలు, మెట్ల మీద నుంచుని, నేలకి పాతినవి కొన్నవాళ్ళవే మామయ్యా అన్నాడు. ఎవరూ వినలేదు. జానెడు తవ్వారు, రోలు కదల్లేదు. మూరెడు తవ్వారు. కిందికి పోయేకొద్దీ రాయి వెడల్పవుతోంది. పైన కనిపించేది నాలుగో వంతు కూడా కాదు. చెమటలు కక్కుతూ ముగ్గురూ చుట్టూ కూర్చుని ఆ గోతిలోకి చూసి, చిన్నపిల్లల్లా నవ్వడం మొదలెట్టారు. మా ఆయన నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశారు. చిన్న మరిది అన్నయ్య వీపు మీద చెయ్యి వేశాడు.

‘మట్టి కప్పేయండి,’ అన్నాను. ‘పొత్రం ఒక్కటి నాకివ్వండి.’

దానికి వకీలు కూడా అడ్డు చెప్పలేదు. పాషాణం నీ దగ్గరే ఉంటుంది. కొన్నాయన నీ చోట షాపులు కడతారట. మంచి మనిషే. కూలగొట్టేముందు పూజగది తలుపులు మీరే తీసుకోండని ఫోను చేసి చెప్పారు. దూలాల్లో బాగున్న భాగం కోయించి అమ్ముతారు. అవి వచ్చిందీ అలాగే కదా, వేరే ఎవరి ఇంట్లోనో మళ్ళీ నిలబడతాయి.

నీకు చెప్పవలసినవి ఇంకా ఉన్నాయి. 2003లో ఊళ్ళో నీళ్ళు లేక జనం లారీల వెంట బిందెలతో పరుగెడుతుంటే నీ బావిలో ఊట ఎండలేదు. ఈ సందంతా తోడుకుంది. నా ఇద్దరి పురుళ్ళ తరువాతా అదే నీళ్ళతో స్నానం చేశాను. అత్తయ్య పోయిన రాత్రి ఆమె తల నా ఒళ్ళో, నా వీపు నీ స్తంభానికి ఆని ఉన్నాం. తెల్లారేదాకా నువ్వు నన్ను మోశావు. నాకు అమ్మ తరువాత అంత ఆనుకున్నది నిన్నే.

మేడ మెట్లు దిగి బావగారు ఇప్పుడే వచ్చారు. చేతిలో కళ్ళజోడు, కాగితాలు.

‘అమ్మాయ్, పడుకోలేదా? మంచిదే. రేపు దస్తావేజు మీద ఇద్దరు సాక్షులు కావాలి. ఒకరు మా వకీలు మిత్రుడు. రెండో సాక్షివి నువ్వు. వాటాదారుల్లో నీ పేరు లేదు, సరే. ఈ ఇంటి సంగతి నీకు తెలిసినంత మాలో ఎవరికి తెలుసు?’

‘ఆధార్ కార్డు కావాలా బావగారూ?’

‘కావాలి. పేరు, భర్త పేరు, చిరునామా అందులో ఉన్నట్టే రాయాలి.’

కొత్త ఫ్లాటుకి కార్డు మార్పించుకోమని అబ్బాయి ఆర్నెల్ల నుంచీ పోరుతున్నాడు. నేను మార్పించలేదు. సంచిలోంచి తీసి బావగారికి చూపించాను. పాత నంబరు 27, కొత్త నంబరు 58. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివి, కాగితంలో నా పేరు కింద ఆ రెండు నంబర్లూ రాసుకున్నారు.