వర్క్‌షీట్ 6: x విలువ కనుక్కోవడం, కనుక్కున్నాక సరిచూడడం

పోయిన వారం టెస్ట్ పేపర్లు దిద్దుతుంటే ఒకటి అర్థమైంది, మీలో చాలామందికి సాధించడం వచ్చు కానీ సరిచూడడం అంటే చివర్లో "సరిచూడగా సరిపోయింది" అని ఒక లైన్ రాసి పడేయడమే అనుకుంటున్నారు. ఒకరైతే తప్పు జవాబు కింద కూడా అదే రాశారు, పైగా అండర్‌లైన్ కొట్టి మరీ. అందుకే ఈ షీట్‌లో లెక్కలు తక్కువ, ప్రతి లెక్కకీ సరిచూడడం మాత్రం పూర్తిగా చేసి పెట్టాను, తప్పు చేస్తే అది ఎలా దొరుకుతుందో కూడా చూపించాను. పెన్సిల్ పట్టుకుని, పక్కన మీరూ చేస్తూ చదవండి.

ముందు ఒక్క రూల్. సరిచూసేటప్పుడు ఎడమవైపు విడిగా, కుడివైపు విడిగా లెక్కగట్టాలి. మొదటి లైన్లోనే మధ్యలో = పెట్టేసి రెండు వైపులా లాక్కుంటూ పోవద్దు, ఎందుకంటే అవి సమానమా కాదా అన్నదే కదా మనం చూస్తున్నది, తేలకముందే సమానం అని రాసేస్తే ఇంక చూసేదేముంది. ఈ = గుర్తుని మొదట వాడింది రాబర్ట్ రికార్డ్ అనే ఆయన, 1557లో, ఒకే పొడవున్న రెండు సమాంతర గీతల కంటే సమానమైనవి ఇంకేం ఉంటాయి అని అలా గీశాడట. అంత ఆలోచించి పెట్టిన గుర్తుని ఎక్కడపడితే అక్కడ పెట్టకండి.

లెక్క 1

5x − 8 = 27
5x = 27 + 8
5x = 35
x = 7

−8 అవతలికి వెళ్లి +8 అయింది అంటాం కానీ అదేం మాయ కాదు, రెండు వైపులా 8 కలిపాం అంతే. అది మర్చిపోయి "అవతలికి వెళ్తే గుర్తు మారుద్ది" అని మాత్రమే గుర్తుపెట్టుకున్నవాళ్లు 5x = 35 దగ్గర కూడా గుర్తు మార్చి x = 35 − 5 = 30 అని రాస్తారు. అక్కడ 5 గుణించి ఉంది, కాబట్టి రెండు వైపులా 5తో భాగించాలి.

సరిచూద్దాం. ఎడమ: 5 × 7 − 8 = 35 − 8 = 27. కుడి: 27. ఓకే.

అదే x = 30 పెడితే ఎడమ 150 − 8 = 142. ఇరవయ్యేడు ఎక్కడ, నూట నలభై రెండు ఎక్కడ.

లెక్క 2

7x + 4 = 3x − 12
7x − 3x = −12 − 4
4x = −16
x = −4

జవాబు మైనస్ రాగానే కంగారుపడి కొట్టేసేవాళ్లు ఉంటారు, కొట్టేయొద్దు, పెట్టి చూడండి. ఎడమ: 7 × (−4) + 4 = −28 + 4 = −24. కుడి: 3 × (−4) − 12 = −12 − 12 = −24. రెండూ −24, కరెక్టే. మైనస్ సంఖ్యని పెట్టేటప్పుడు మాత్రం బ్రాకెట్ తప్పనిసరి, లేకపోతే 7 × −4 కాస్తా రెండో లైన్లో 7 − 4 అయిపోతుంది, అప్పుడు జవాబు కరెక్ట్ అయినా సరిచూడడం తప్పయ్యి మంచి జవాబుని చెరిపేసుకుంటారు.

లెక్క 3, దీని మీద కాసేపు ఆగుదాం

4(x − 3) − 2(x − 5) = 10

టెస్ట్‌లో ఎక్కువమంది పడిపోయిన మోడల్ ఇదే. ఒక పేపర్‌లో ఇలా ఉంది:

4x − 12 − 2x − 10 = 10
2x − 22 = 10
2x = 32
x = 16

చూడ్డానికి ఎంత నీట్‌గా ఉందో. ఇప్పుడు 16ని ప్రశ్నలో పెడదాం. 4 × 13 − 2 × 11 = 52 − 22 = 30. కుడివైపు 10. సరిపోలేదు, అంటే ఎక్కడో తప్పుంది. చాలామంది ఇక్కడ మొత్తం కొట్టేసి మళ్లీ మొదట్నుంచి చేస్తారు, మళ్లీ అదే తప్పు చేస్తారు, ఎందుకంటే చెయ్యి అలవాటైన దారిలోనే పోతుంది కదా.

దానికి బదులు ఇలా చేయండి. వచ్చిన ఆ తప్పు జవాబునే ఒక్కో లైన్లో పెట్టి చూడండి. ప్రశ్నలో పెడితే 30 వచ్చింది, సరిపోలేదు. రెండో లైన్లో పెడితే 64 − 12 − 32 − 10 = 10, సరిపోయింది! మూడో లైన్లో 32 − 22 = 10, అదీ సరిపోయింది. అంటే రెండో లైన్ నుంచి కింద దాకా చేసిందంతా కరెక్టే, ప్రశ్నకీ రెండో లైన్‌కీ మధ్యలోనే దొంగ దూరాడు. అక్కడ చేసింది ఒక్కటే పని, బ్రాకెట్లు తీయడం. −2ని −5తో గుణిస్తే +10 రావాలి, −10 రాశారు. దొరికింది.

సరిచేస్తే:

4x − 12 − 2x + 10 = 10
2x − 2 = 10
2x = 12
x = 6

ఎడమ: 4 × 3 − 2 × 1 = 12 − 2 = 10. కుడి: 10.

ఒక షరతు ఉంది, తప్పు ఒక్కటే అయితే ఈ ట్రిక్ నేరుగా ఆ చోటికే తీసుకెళ్తుంది. రెండు మూడు తప్పులుంటే కింద నుంచి పైకి చూసుకుంటూ రండి, ముందు చివరి తప్పు దొరుకుతుంది, అది దిద్దుకుని కొత్త జవాబుతో మళ్లీ పైకి వెళ్లండి.

లెక్క 4, భిన్నాలు

(2x − 1)/3 − (x − 4)/2 = 4

3, 2ల క.సా.గు 6. రెండు వైపులా 6తో గుణించాలి, రెండు వైపులా అంటే కుడివైపున్న 4ని కూడా, పాపం దాన్ని అందరూ మర్చిపోతారు.

2(2x − 1) − 3(x − 4) = 24
4x − 2 − 3x + 12 = 24
x + 10 = 24
x = 14

ఎడమ: (28 − 1)/3 − (14 − 4)/2 = 27/3 − 10/2 = 9 − 5 = 4. కుడి: 4.

సరిచూడడం మాత్రం భిన్నాలున్న అసలు ప్రశ్నలోనే చేయాలి. సులువుగా ఉంటుందని 2(2x − 1) − 3(x − 4) = 24లో పెట్టారనుకోండి, ఒకవేళ ఆ లైన్ రాసేటప్పుడే తప్పు చేసి ఉంటే (24 బదులు 4 అలాగే వదిలేసి ఉంటే) అది బయటపడదు. 4 అలాగే వదిలేస్తే x = −6 వస్తుంది, ఆ తప్పు లైన్లో అది చక్కగా సరిపోతుంది కూడా. ప్రశ్నలో పెడితేనే (−13)/3 + 5 = 2/3 అని అసలు రంగు తెలుస్తుంది.

లెక్క 5, జవాబే భిన్నం అయితే

9x = 3x + 2
6x = 2
x = 1/3

ఎడమ 9 × 1/3 = 3. కుడి 3 × 1/3 + 2 = 1 + 2 = 3. సరిపోయింది. కాలిక్యులేటర్ ఉంది కదా అని 0.33 పెడితే ఎడమ 2.97, కుడి 2.99, ఇక జవాబు తప్పేమో అని కూర్చుంటారు. జవాబు తప్పు కాదు, 1/3ని కోసి 0.33 చేయడం తప్పు. భిన్నాన్ని భిన్నంగానే ఉంచండి.

లెక్క 6

x/(x − 3) = 3/(x − 3)

ఇది సరదాగా ఉంటుంది. రెండు వైపులా (x − 3)తో గుణిస్తే x = 3. స్టెప్పుల్లో ఎక్కడా గుర్తు తప్పలేదు. కానీ 3 పెట్టి చూస్తే కింద 0 వస్తుంది, సున్నాతో భాగించలేం, అసలు విలువే లేదు. కాబట్టి ఈ సమీకరణానికి సాధన లేదు. మనం దేనితో గుణించామో అదే సున్నా అయి కూర్చుంది, అందుకే ఇలా జరిగింది. x హారంలో ఉన్న ప్రతిచోటా సరిచూడడం అంటే మార్కుల కోసం చేసే తతంగం కాదు, అది లెక్కలో భాగమే.

ఇంకో రెండు వింతలు, త్వరగా. 3x + 1 = 3x + 5లో xలు రెండూ పోయి 1 = 5 మిగులుతుంది, ఏ x పెట్టినా కుదరదు. 2(x + 3) = 2x + 6లో 6 = 6 మిగులుతుంది, ఏ x పెట్టినా కుదురుతుంది, నమ్మకపోతే 100 పెట్టి చూడండి, రెండు వైపులా 206.

లెక్క 7, మాటల్లో ఇచ్చింది

తండ్రి వయసు 36, కొడుకు వయసు 8. ఎన్నేళ్ల తర్వాత తండ్రి వయసు కొడుకు వయసుకి మూడు రెట్లు అవుతుంది?

ఒకరు రాసింది: 36 = 3(8 + x), 12 = 8 + x, x = 4. సరిచూశారు కూడా, 3 × 12 = 36, సరిపోయింది అని టిక్ పెట్టుకున్నారు. అయినా తప్పే! ఎందుకంటే సమీకరణమే తప్పు, కొడుక్కి వయసు పెరిగింది, తండ్రికి పెరగలేదు. మన తప్పు సమీకరణంలో మన జవాబు సరిపోక ఏం చేస్తుంది. మాటల లెక్కల్లో జవాబుని కథలో పెట్టి చూడాలి. 4 ఏళ్ల తర్వాత తండ్రికి 40, కొడుక్కి 12, మూడు పన్నెండ్లు 36, 40 కాదు.

36 + x = 3(8 + x)
36 + x = 24 + 3x
12 = 2x
x = 6

ఆరేళ్ల తర్వాత తండ్రికి 42, కొడుక్కి 14. మూడు పద్నాలుగులు 42.

లెక్క 8, బాగా పాతది

ఒక రాశికి దానిలో ఏడో వంతు కలిపితే 19. ఆ రాశి ఎంత? ఈజిప్టులో దొరికిన రైండ్ పాపిరస్‌లో ఉన్న లెక్క ఇది, మూడున్నర వేల ఏళ్ల కిందటిది. అప్పట్లో x లేదు, అందుకని ముందు ఒక అంకె ఊహించుకునేవాళ్లు. 7 అనుకుంటే 7 + 1 = 8 వస్తుంది, మనకి కావాల్సింది 19, కాబట్టి 7ని 19/8 రెట్లు చేయాలి, 133/8. అంటే వాళ్లు పెట్టి చూడడంతోనే మొదలుపెట్టారు, మీరేమో చివర్లో చేయమన్నా విసుక్కుంటారు.

మన పద్ధతిలో x + x/7 = 19, 8x = 133, x = 133/8. ఎడమ: 133/8 + 19/8 = 152/8 = 19. కుడి: 19.

ఇక మీవంతు

అ) 8x − 5 = 3x + 20
ఆ) 3(x + 4) − 5(x − 2) = 8
ఇ) x/2 − x/5 = 9
ఈ) (x + 3)/4 − (x − 5)/6 = 2
ఉ) 10x + 1 = 4x + 3

జవాబులు: అ) 5, ఆ) 7, ఇ) 30, ఈ) 25, ఉ) 1/3

వీటిలో ఒకటి కావాలనే తప్పు ఇచ్చాను. అయిదింటినీ ప్రశ్నల్లో పెట్టి చూసి ఏదో పట్టుకోండి, సరైన జవాబు రాయండి, నేను ఏ స్టెప్పులో ఏ పొరపాటు చేస్తే ఆ తప్పు జవాబు వస్తుందో కూడా రాయండి. ఆ పొరపాటు లెక్క 3లో మీరు చేసిందే. గురువారం క్లాస్‌కి తీసుకురండి, ఉత్త జవాబులు మాత్రమే రాసి తెస్తే సగం మార్కులే, ముందే చెప్తున్నా.