మొదటి అధ్యాయం గురించి సుధకు

బరంపురం

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

నీ నవల మొదటి రెండు అధ్యాయాలూ చదివాను. మొదటిది రెండుసార్లు చదివాను, రెండోసారి మా చెల్లెలికి వినిపించేలా పైకి. అది ఆకులు తుడుచుకుంటూ వింటోంది. తొమ్మిదో పేజీ దగ్గర తలెత్తి, "ఇంతకీ ఆ మాస్టారికి ఏటొచ్చింది అక్కా?" అంది. నీ నవల గురించి నేను చెప్పాల్సింది చాలావరకు ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆయనకి ఏమొచ్చిందో నువ్వు 32వ పేజీలో చెప్పావు. అధ్యాయం 34 పేజీలు.

మొన్న ఫోన్లో "ముందు ఊరు తెలియాలి కదా మేడమ్" అన్నావు. తెలియాలి, కాదనను. పర్లాకిమిడి గురించి ఇంత ప్రేమగా రాసినవాళ్ళు తక్కువ. మహేంద్రతనయ నది ఒడ్డున ఇసుకలో మాస్టారి చెప్పు తెగడం, దాన్ని చేత్తో పట్టుకుని ఒక కాలికి చెప్పుతోనే ఇంటికి రావడం చదివి నేను నవ్వుకున్నాను కూడా. నెమ్మదిగా నడవడం తప్పు కాదు సుధా. ఎందుకు నడుస్తున్నాడో నాకు తెలియకపోవడమే చిక్కు.

అసలు సంగతి ఇది. హెడ్మాస్టర్ ఆ కాగితం మాస్టారికి ముందురోజు సాయంత్రమే ఇచ్చాడని 32వ పేజీలో రాశావు. నెలాఖరులోగా ఇరవైమంది పిల్లలు చేరకపోతే తెలుగు సెక్షన్ తీసేస్తారన్న కాగితం. అంటే నది ఒడ్డుకి వెళ్ళేటప్పటికే ఆయన జేబులో అది ఉంది. కాఫీ తాగుతున్నప్పుడు ఉంది, స్టాఫ్ రూమ్‌లో జోకులు వింటున్నప్పుడూ ఉంది. ఆయనకి తెలుసు, నీకు తెలుసు, నాకు తప్ప! చివర్లో ఉలిక్కిపడేలా చెయ్యాలని దాచినట్టున్నావు. నేను ఉలిక్కిపడలేదు. "పొద్దున్నించీ ఈయన దీని గురించి ఒక్కసారీ అనుకోలేదా?" అని అనుమానం వచ్చింది, అంతే. మనిషి మనసులోకి నన్ను తీసుకెళ్ళి, అక్కడున్న ముఖ్యమైన గదికే తాళం వేశావు.

ఇప్పుడు 11వ పేజీ తియ్యి. కాఫీ గ్లాసు ఇస్తూ ఆయన భార్య, "పాపకి యూనిఫాం కుట్టించేశారంట" అంటుంది. ఆయన "ఊఁ" అని పేపరు తిప్పుతాడు. నువ్వు వెంటనే పక్కింటివాళ్ళ మునగచెట్టు మీదికి వెళ్ళిపోయావు. మొత్తం అధ్యాయంలో గొప్ప వాక్యం అదే, అది నీకు తెలిసినట్టు లేదు. కొడుకు తన కూతుర్ని ఇంగ్లీష్ మీడియంలో వేసేశాడు, తండ్రితో ఒక మాటైనా అనకుండా. ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి "మీ పిల్లని తెలుగులో వెయ్యండమ్మా" అని అడగబోయే మనిషికి సొంత మనవరాలే లెక్కలో లేదు. నీ నవలంతా ఈ ముడి మీదే ఉంది. కానీ కాగితం సంగతి తెలియని నాకు అది ఉత్త యూనిఫాం ముచ్చటలా వినిపించింది. మొదటిసారి చదివినప్పుడు ఆ లైను చూడకుండానే దాటిపోయాను.

అందుకని నేను అడిగేది ఒకటే మార్పు. కాగితాన్ని రెండో పేజీలోకి తీసుకురా. నది ఒడ్డునే. చొక్కా జేబు తడుముకోవచ్చు, మడత విప్పకుండా మళ్ళీ పెట్టుకోవచ్చు. "ఇరవై. ఉన్నది పదమూడు." ఈపాటి చాలు. (ఇది నా వాక్యం, వాడుకోకు. నీది నువ్వు రాసుకో.) ఆ తర్వాత నీ ఇష్టం వచ్చినంత నెమ్మదిగా నడిపించు. అప్పుడు దారిలో గుప్‌చుప్ బండి దగ్గర ఎదురైన ఇద్దరు పిల్లల్ని ఆయన చూస్తే, వాళ్ళు ఏ బడి పిల్లలని నేనూ లెక్కపెడతాను. యూనిఫాం మాట వచ్చేసరికి నాకే టెన్షన్ వస్తుంది. "ఊఁ" అన్న చోట ఇంకేమీ రాయక్కర్లేదు. మునగచెట్టు తీసెయ్.

ఇంకో మాట. ఇలా చెప్పగానే చాలామంది చేసే పని ఒకటుంది. ఎప్పుడో చివర్లో రావాల్సిన తండ్రీకొడుకుల గొడవని ముక్క కోసి తెచ్చి మొదట్లో అతికించి, "ఆరు నెలల క్రితం..." అని మొదలుపెడతారు. అది మాత్రం చెయ్యకు. నీ మాస్టారు గట్టిగా అరిచే మనిషి కాదు, నీ నవలా కాదు.

ఐదో పేజీ నుంచి తొమ్మిది దాకా 1936 ఉంది. ఒడిషా వేరే రాష్ట్రం కావడం, పర్లాకిమిడి పట్నం అటు వెళ్ళడం, జమీందారీలో చాలా ఊళ్ళు మద్రాసులోనే ఉండిపోవడం, మరుసటి ఏడు కృష్ణచంద్ర గజపతి ఒడిషాకి తొలి ప్రధాని కావడం. తప్పేమీ లేదు, కష్టపడి సేకరించావు. కానీ అక్కడ మాట్లాడుతున్నది మాస్టారు కాదు, నువ్వు. మా చెల్లెలు తలెత్తింది సరిగ్గా అక్కడే. ఈ ఐదు పేజీలూ తీసి పక్కన పెట్టు. పారెయ్యకు. కొడుకు ఏదో ఒక రోజు "మన ఊరు ఒడిషాలో ఉంది నాన్నా, శ్రీకాకుళంలో కాదు" అని తీరతాడు. అప్పుడు మాస్టారి నోట రెండు వాక్యాల్లో 1936 వస్తే, అది దెబ్బలా తగులుతుంది.

స్టాఫ్ రూమ్ సీన్ ఉండనీ. ఒడియా పండితుడు, మాస్టారు ఒకరి భాషలో ఒకరు వేళాకోళం చేసుకోవడం బాగుంది, వాళ్ళ స్నేహం తర్వాత పనికొస్తుంది కూడా. నాలుగు జోకుల్లో రెండు చాలు.

చిన్న రైలు దగ్గర పొరపాటు పడ్డావు. కథ 2008 జూన్‌లో జరుగుతోంది. మాస్టారు పొద్దున్నే రైలు కూత విని టైము చూసుకుంటాడు. నౌపడ నుంచి గుణుపూర్ వెళ్ళే ఆ నేరోగేజి 2004లోనే ఆగిపోయింది, పెద్ద లైను పనుల కోసం. పెద్ద రైలు అప్పటికింకా రాలేదు. ఆ పొద్దున్న కూత వినిపించే వీలే లేదు. దిద్దుకుంటే నీకే లాభం. నాలుగేళ్ళుగా రాని కూత కోసం ఆయన చెవి అలవాటుగా ఎదురుచూస్తే ఎలా ఉంటుందో ఆలోచించు. అలా అయితే 27 నుంచి ఉన్న రైలు జ్ఞాపకాలు ఐదు పేజీలు కాకుండా అర పేజీలో సర్దుకుంటాయి.

భాష గురించి కొంచెం. మాటలన్నీ మన ప్రాంతపు మాటలే, "ఏటి", "ఎల్లొస్తాను", ఎక్కడా అబద్ధం లేదు. కథ చెప్పే గొంతు దగ్గరకొచ్చేసరికి మాత్రం "ప్రాతఃకాల సమీరము" లాంటివి దిగుతున్నాయి. గిడుగు వారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఇదేం పని తల్లీ? పెద్ద రచనలా కనిపించాలన్న భయం అనుకుంటాను, మొదటి పుస్తకానికి అందరికీ ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, కాగితం బయటపడ్డాక, అంటే 32వ పేజీ తర్వాత, అలాంటి మాట ఒక్కటీ లేదు. చెప్పడానికి కథ దొరకగానే అవి వాటంతటవే పోయాయి.

రెండో అధ్యాయం జోలికి ఇప్పుడు వెళ్ళకు. అందులో మాస్టారు మొదటి ఇంటి తలుపు కొట్టే చోటు ఎంత బాగుందంటే, మొదటిది మారాక దాన్ని దిద్దాలో వద్దో అప్పుడు చూద్దాం. పెన్సిల్ గీతలు పెట్టిన కాపీ రాయగడ వచ్చే మా అబ్బాయి చేతికిచ్చి పంపుతున్నాను. 16వ పేజీ మీద మరక నా కాఫీది, దాన్ని విమర్శ అనుకోకు.

మీ అత్తగారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మేడమ్