ఖాళీ గీత

బరంపురంలో అప్పడాల కొట్టు ఆవిడది. కొత్త లేబుల్ మీద ఏం రాయించాలా అని నెల రోజులుగా టెన్షన్. ‘అమ్మచేతి రుచి’ అందామంటే, ఆ మాట లేని కొట్టు ఏది?

సూరత్ వెళ్ళే కొడుకు కోసం వచ్చినామె సంచి తెరిచి పట్టుకుంది. "ఈసారివి ఎలా ఉన్నాయక్కా?"

"జీలకర్రవి తీసుకో. మిరియాలవి వద్దు, ముసురుకి సరిగ్గా ఆరలేదు."

"అందుకే రైలు టైమవుతున్నా నీ దగ్గరికే వస్తా. బాగోకపోతే నువ్వే చెప్పేస్తావు." చిల్లర లెక్కపెట్టకుండానే కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆవిడ మిరియాల అప్పడం ఒకటి విరవబోయింది. విరగలేదు, మెత్తగా వంగింది. ప్రెస్సుకి ఫోన్ చేసింది.

"బంగారు అక్షరాలు వద్దు బాబూ. కింద ఒక గీత ఖాళీగా వదులు. వారం వారం నేనే రాసుకుంటా."