బ్యాట్ కొస ఏడ పెడ్తున్నవ్?

(ఎడిటింగ్ తమ్మునికి: మ్యూజిక్ వద్దు. మ్యాట్ మీద బాల్ పడే చప్పుడు, ప్యాడ్‌కు తగిలే చప్పుడు ఇనవడాలె. స్లో అని రాసిన కాడ ఫోన్‌ల 240 ఫ్రేముల వీడియో వాడు. 30 ఫ్రేములల్ల నడిపిస్తే ఎనిమిదింతలు మెల్లగైతది.)

తెర: హన్మకొండ, పొద్దుగాల ఆరున్నర. మ్యాట్ వికెట్. కెమెరా బౌలర్ కాడి స్టంపుల ఎన్క, స్టంపులంత ఎత్తుల. తొమ్మిదో తరగతి పిల్లగాడు, కుడిచేతి బ్యాటర్. బాల్ వచ్చింది, బ్యాట్ తిప్పిండు, ప్యాడ్‌కు ఠప్పుమన్నది.

కోచ్: ఔట్. సీదా మిడిల్ స్టంప్ ముంగట దొరికిండు. ఏమైంది బిడ్డా?

పిల్లగాడు: లెగ్ సైడ్ పోతంది అనుకున్న సార్. ఫ్లిక్ కొడ్దామని పోయిన.

కోచ్: అబద్ధం చెప్తలేడు. ఆనికి నిజంగనే గట్ల కనవడ్డది. ఎందుకో చూడుండ్రి.

స్లో: అదే బాల్. బౌలర్ చెయ్యి పైకి లేచే కాడ ఆపు. పిల్లగాని గడ్డం నుంచి కిందికి పసుపు గీత. కాలివేళ్ల కాడ తెల్ల చుక్క.

కోచ్ గొంతు: ఇంకా బాల్ ఇడవలే. గీత ఏడ వడ్తందో చూడు. కాలివేళ్లు దాటి, జానెడు అవుతల, ఆఫ్ సైడ్. కండ్లు గూడ చూడు, ఒకటి మీదికి, ఒకటి కిందికి. మేస్త్రీ గోడ మీద రసమట్టం పెడితే బుడగ నడుమ ఉండాలె గద? ఈని బుడగ ఓ మూలకు వొయింది.

స్లో: మళ్ల నడిపించు. బాల్ గాల్లె ఉన్నప్పుడు ఆపకు.

కోచ్ గొంతు: తల ఆఫ్ సైడ్‌ల ఉంటే మిడిల్ మీద వచ్చే బాల్ గూడ కాళ్ల దిక్కు పోతున్నట్టు కనవడ్తది. ఇగ బ్యాట్‌ను అడ్డంగ తిప్పుతం. ముందు కాలు దారిల అడ్డం ఉండె. బ్యాట్ కాలును సుట్టి రావాలె. అచ్చే లోపల బాల్ ప్యాడ్‌ను ముద్దు వెట్టుకుంటది. ఈ బాల్ చెయ్యి ఇడిసినప్పటి నుంచి ఈడికి రాను సుమారు ముప్పావు సెకను వట్టింది. మీరు చూసింది ఆరు సెకన్లు. ముప్పావు సెకన్ల తలను మళ్ల సర్దుకునుడు ఎవరితోని గాదు.

తెర: కోచ్ కెమెరా ముంగటికి వచ్చిండు.

కోచ్: "తల ఒంచకు, తల ఒంచకు" అని శానా మంది అంటరు. నేను గూడ ఏండ్లకేండ్లు అన్న. పని గాలే. పిల్లగాడు రెండు బాల్‌లు సక్కగ ఆడ్తడు, మూడో దానికి మళ్ల మొదటికొస్తది. తల తప్పు గాదు ఇది. తప్పు ఈడున్నది.

స్లో: బ్యాట్ కొస మీదికి జూమ్. బ్యాట్ నేలకు తాకేటప్పుడు ఆపు. కొసకూ ఎన్క కాలికీ నడుమ ఎర్ర గీత.

కోచ్ గొంతు: బ్యాట్ కొస కాలికి ఎంత దూరం పెట్టిండో చూడు. దూరం పెడితే చేతులు సాగుతయ్, చేతుల ఎంట కుడి భుజం దిగుతది, భుజం ఎంట తల పోతది. ఎద్దు ఎటు పోతే బండి అటే గద. ఇగ ఇంకోటి, ఇది ఆళ్ల అన్న బ్యాట్. పెద్ద సైజు. పిల్లగాడు పొట్టి. నిటారుగ పెడితే పిడి పొట్టకు తాకుతది, అందుకే దూరం పెట్టి ఒరుగుతండు. అమ్మా నాయిన ఎవరన్న చూస్తుంటే, "పెరుగుతడు తియ్" అని పెద్ద బ్యాట్ కొనకుండ్రి. చెప్పులకైతే నడుస్తది గని బ్యాట్‌కు నడ్వది.

తెర: కోచ్ ఆని చేతికి చిన్న సైజు బ్యాట్ ఇచ్చిండు. పక్కకు మోకాలి మీద కూసున్నడు.

కోచ్: కాళ్లు భుజాలంత ఎడం. మంచిది, అవి కదిలియ్యకు. బ్యాట్ కొస ఎన్క కాలు చిటికెనవేలు పక్కకు తెచ్చుకో. ఇంకా దగ్గరికి. ఆఁ. ఇప్పుడు చేతులు ముందు తొడ ముంగట వాటంతట అవే వాలాలె. అంతే, తల గురించి ఆలోచించకు.

స్లో: బ్యాట్ దగ్గరికి జరిగే ముక్క మాత్రమే, రెండుసార్లు. పసుపు గీత గూడ జరగాలె.

కోచ్ గొంతు: చూడుండ్రి, తల ఎవ్వలూ ముట్టలే. బ్యాట్ దగ్గరికి రాంగనే భుజం లేచింది, గీత కాలివేళ్ల మీదికి వచ్చింది. రెండు కండ్లు ఒక్క మట్టం.

తెర: హెల్మెట్ జాలీ కింద దారం, దారానికి చిన్న నట్టు కట్టి ఉన్నది. పిల్లగాడు నవ్వుతండు.

కోచ్: ఇది మేస్త్రీ గుండు. గోడ ఒంకర చూసేది. కెమెరా లేనోళ్లు ఇట్ల చూసుకోండ్రి. నట్టు కాలివేళ్ల కొస మీద వేలాడాలె. రెండు వేళ్లంత అటో ఇటో ఐతే ఏం గాదు. బాల్ ఆడేటప్పుడు మాత్రం దారం ఇప్పెయ్యాలె, కంటికి తాకుతది.

పిల్లగాడు: సార్, వెస్టిండీస్ బ్యాటర్ చందర్‌పాల్ అసలు బౌలర్ దిక్కే తిరిగి నిలబడేటోడు గద?

కోచ్: నిలబడేటోడు. గని బాల్ వచ్చే యాళ్లకు పక్కకు తిరిగి మామూలు బ్యాటర్ లెక్క అయ్యేటోడు. నువ్వు బాల్ వచ్చే యాళ్లకు పడిపోతున్నవ్.

(ఈడ ఆని నవ్వు కట్ చెయ్యకు.)

తెర: కోచ్ పది గజాల దూరం నుంచి టెన్నిస్ బాల్ కింది చేతితోని ఏస్తండు. పిల్లగాడు బ్యాట్ ఎత్తుతలేడు.

కోచ్ గొంతు: ఇంటికాడ చేసేది ఇదొక్కటే. కొట్టుడు లేదు. బాల్ ఏ స్టంప్ మీదికి వస్తందో నేల మీద పడకముందే నోటితోని చెప్పాలె: ఆఫ్, మిడిల్, లెగ్. నాయిన ఏసినా సరే, చెల్లె ఏసినా సరే. పొద్దుగాల పాత నిలబడుడుతోని పది ఏస్తే ఆరు తప్పు చెప్పిండు. అన్నీ ఒక్క తీరు తప్పు, మిడిల్‌ను లెగ్ అన్నడు.

ఒకటి జాగ్రత్త. బ్యాట్ దగ్గరికి తెచ్చుకోమంటే కొందరు కరెంటు స్తంభం లెక్క బిగుసుకపోయి మడిమల మీద నిలబడ్తరు. గట్ల ఐతే ముందుకు కాలు రాదు. మోకాళ్లు జర వదులు. మడిమ కింద పలుచటి కాయిదం దూరేంత సందు ఉంటే చాలు. పక్కోన్ని భుజం మీద మెల్లగ నూకమను. ఊగొచ్చు గని అడుగు తియ్యొద్దు.

తెర: మళ్ల మొదటి కెమెరా. అదే బౌలర్, తోలు బాల్. పిల్లగాడు గార్డ్ తీసుకున్నడు, బ్యాట్ కొస చిటికెనవేలు పక్కకు పెట్టుకున్నడు.

స్లో: బౌలర్ చెయ్యి పైకి లేచినప్పుడు ఆపకు, పసుపు గీత మాత్రం ఉంచు. బాల్ ఆఫ్ స్టంప్ అవుతల పడ్డది.

పిల్లగాడు: ఆఫ్!

తెర: బ్యాట్ పైకి ఎత్తి ఇడిసిపెట్టిండు. బాల్ కీపర్ చేతుల పడ్డది. పిల్లగాడు కోచ్ దిక్కు చూసిండు. కోచ్ ఏం అనలే, ఇంకో బాల్ ఏయుమని బౌలర్‌కు చెయ్యి ఊపిండు.