సవరించిన కేస్ రిపోర్టు: సంపాదకులకు లేఖ, సమీక్షకులకు జవాబులు

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. "మెనింజైటిస్‌గా వచ్చిన స్క్రబ్ టైఫస్: రొమ్ము కింది మడతలో దొరికిన నల్లపెచ్చు" అనే మా కేస్ రిపోర్టును సవరించి పంపుతున్నాం. మార్పులన్నీ పసుపు రంగులో గుర్తించాం. మీ సూచన ప్రకారం రోగి ఊరి పేరు, చేరిన తేదీ తీసేసి, "34 ఏళ్ల వ్యవసాయ కూలీ" అని మాత్రమే ఉంచాం. ఫొటో ప్రచురణకు ఆమెకు తెలుగులో చదివి వినిపించి తీసుకున్న లిఖిత సమ్మతిని జతపరిచాం. కేర్ చెక్‌లిస్టు కూడా ఉంది.

మొదటి సమీక్షకులు

వ్యాఖ్య 1: బ్యాక్టీరియల్ మెనింజైటిస్ కాదని ఎలా తేల్చారు?

జవాబు: ఈ అభ్యంతరం సరైనదే. మా దగ్గరికి రాకముందే ఆమెకు 4 రోజులు సెఫ్ట్రియాక్సోన్ పడింది కాబట్టి కల్చర్‌లో ఏమీ పెరగనంత మాత్రాన అది కాదనలేం. వెన్నునీటిలో కణాలు 68 (85 శాతం లింఫోసైట్లు), ప్రొటీన్ 92 మి.గ్రా., గ్లూకోజ్ 54 మి.గ్రా.; అదే సమయంలో రక్తంలో గ్లూకోజ్ 104. "కాదని తేలింది" అన్న మాటను "అవకాశం తక్కువ" అని మార్చాం (4వ పేజీ).

వ్యాఖ్య 2: పీసీఆర్ ఎందుకు చేయలేదు?

జవాబు: మా ఆసుపత్రిలో ఆ సదుపాయం లేదు. ఐజీఎమ్ ఎలైజా పాజిటివ్, నల్లపెచ్చు, డాక్సీసైక్లిన్ మొదలుపెట్టిన 36 గంటల్లో జ్వరం తగ్గడం, ఈ మూడూ కలిపి చూసి నిర్ధారణకు వచ్చాం. పీసీఆర్ లేని లోటును పరిమితుల్లో రాశాం.

రెండో సమీక్షకులు

వ్యాఖ్య 1: పెచ్చు ఎలా కనబడిందో చెప్పే పేరా శాస్త్రీయంగా అనవసరం, తొలగించండి.

జవాబు: దీన్ని మాత్రం ఉంచమని సవినయంగా కోరుతున్నాం. నల్లపెచ్చు నొప్పి పెట్టదు, దురద పెట్టదు. అది ఉన్నట్టు రోగికే తెలియదు. చంకలో, గజ్జల్లో, రొమ్ము కింద ఉంటే బట్టలు తీయించి చూస్తే తప్ప దొరకదు. ఈమె మగ డాక్టర్ల ముందు సిగ్గుపడింది. రెండో రోజు స్టాఫ్ నర్సు తెర వేసి ఒళ్లు తుడుస్తుంటే సుమారు 8 మి.మీ. పెచ్చు, దాని చుట్టూ ఎర్రటి అంచు కనిపించాయి. ఎలైజా రిపోర్టు ఇంకా రాకముందే చికిత్స మొదలుపెట్టగలిగింది ఆ పరీక్ష వల్లే. చిన్న ఆసుపత్రిలో ఖర్చు లేకుండా చేయగలిగిన పని అదే. ఈ రిపోర్టు రాయడానికి అసలు కారణం కూడా అదే. పేరాను 9 పంక్తుల నుంచి 5కి కుదించాం.

వ్యాఖ్య 2: డాక్సీసైక్లిన్ ఒక్కటే ఎందుకు?

జవాబు: తీవ్రమైన స్క్రబ్ టైఫస్‌లో డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ కలిపి సిరలోకి ఇవ్వడం మేలని 2023లో వెలువడిన భారతీయ ట్రయల్ చూపింది. చర్చలో దాన్ని చేర్చాం. ఈమె స్పృహలోనే ఉంది, బీపీ నిలకడగా ఉంది, మొదటి మందుకే త్వరగా కోలుకుంది. ఒక్క మందే అందరికీ చాలుతుందని మేం అనడం లేదు.

వ్యాఖ్య 3: "అరుదైన" అనే మాట.

జవాబు: శీర్షికలోంచి, సారాంశంలోంచి తీసేశాం.

ఇంకేమైనా వివరణ కావాలంటే వెంటనే పంపగలం.

భవదీయులు,
రచయితలందరి తరఫున,
అసోసియేట్ ప్రొఫెసర్, జనరల్ మెడిసిన్ విభాగం