విషయం: శిక్షణ పుస్తకం అందజేసే తేదీలో మార్పు – నవంబర్ 14 బదులు నవంబర్ 26

నమస్కారం శైలజ గారూ,

ఈ శుక్రవారం, నవంబర్ 14న మీ చేతికి రావలసిన శిక్షణ పుస్తకాన్ని ఆ రోజుకు పూర్తి చేయలేకపోతున్నాను. నాకు డెంగీ జ్వరం వచ్చింది. ప్రెస్సుకు పంపే తుది ఫైళ్లు నవంబర్ 26, బుధవారం సాయంత్రం ఆరు గంటలలోపు మీకు అందుతాయి. ముందే తెలిస్తే మీ వైపు ఏర్పాట్లు సర్దుకోవడానికి వీలుంటుందని ఈరోజే రాస్తున్నాను. ఈ ఆలస్యం వల్ల మీకు కలిగే ఇబ్బందికి మన్నించండి.

శనివారం రక్తపరీక్షలో డెంగీ అని తేలింది. ఈ ఉదయానికి జ్వరం తగ్గుముఖం పట్టింది. అయితే జ్వరం దిగిన తర్వాతి ఒకటి రెండు రోజులే మరింత జాగ్రత్తగా ఉండవలసిన సమయమని, ప్లేట్‌లెట్లు మళ్లీ పరీక్షించే వరకు పూర్తి విశ్రాంతి తీసుకోవాలని డాక్టర్ గట్టిగా చెప్పారు. ఆ తర్వాత కూడా కొన్నాళ్లు నీరసం ఉంటుందట. అందుకే వచ్చే సోమవారం, 17వ తేదీ నుంచి రోజుకు ఒక పూటే పని చేయగలననే లెక్కతో కొత్త తేదీ వేశాను. త్వరగా కోలుకుంటే ముందే ఇస్తాను. ఆశతో దగ్గరి తేదీ చెప్పి, మళ్లీ గడువు అడిగి మిమ్మల్ని ఇరకాటంలో పెట్టడం నాకు ఇష్టం లేదు.

పని ఎంతవరకు వచ్చిందంటే, మొదటి ఐదు అధ్యాయాల పేజీలు సిద్ధమయ్యాయి. మీరు ప్రూఫులో సూచించిన దిద్దుబాట్లన్నీ వాటిలో చేర్చాను. ఆ పీడీఎఫ్‌ను ఈ మెయిల్‌కు జతచేశాను. కవర్ కూడా మీరు ఖరారు చేసిన రూపంలోనే ఉంది, పుస్తకం మొత్తం పేజీలు తేలాక వీపు మందం సరిచేస్తే చాలు. మిగిలినవి ఆరు, ఏడు అధ్యాయాలు, విషయసూచిక.

ఆరో అధ్యాయం గురించి ఒక మాట చెప్పాలి. యంత్ర భద్రత పట్టికలు మీ దగ్గరి నుంచి పాత ఫాంటులో వచ్చాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్నిచోట్ల ఒత్తులు జారిపోతున్నాయి. మొదటి పట్టికలోనే ‘నిషిద్ధం’ కాస్తా ‘నిషిదం’గా మారింది. ఇలాంటివాటిని ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా పట్టివ్వదు. పాత ప్రతిని పక్కన పెట్టుకుని వరుస వరుసా కంటితో సరిచూడవలసిందే. ఆ పట్టికలు చూసి యంత్రం దగ్గర చేయి పెట్టేది కొత్తగా చేరిన కార్మికులు. ఒక అక్షరం, ఒక అంకె తప్పు పోవడానికి వీల్లేని పేజీలవి. జ్వరంతో మసకబారిన కళ్లతో వాటిని సరిచూసి పంపడానికి నా మనసు ఒప్పుకోదు.

ఆరు, ఏడు అధ్యాయాల ప్రూఫు నవంబర్ 21, శుక్రవారం నాటికి పంపుతాను. మీ దిద్దుబాట్లు 24, సోమవారం సాయంత్రానికి అందితే 26 తప్పకుండా నిలబడుతుంది. శిక్షణ డిసెంబర్ 8న మొదలవుతుందని, ముద్రణకు, బైండింగుకు కలిపి వారం పడుతుందని మీరు అన్నారు. ఆ లెక్కన తరగతులు మొదలయ్యేలోపు పుస్తకాలు చేరాలి. అయితే ప్రెస్సు వారికి వేరే పనులు అడ్డు రావచ్చు కాబట్టి, కొత్త తేదీ వారికి కుదురుతుందో లేదో మీరు ఒకసారి కనుక్కోగలరు.

వారికి కుదరకపోతే రెండు దారులున్నాయి. మొదటి వారం తరగతులకు ఐదు అధ్యాయాలు సరిపోతాయి కనుక వాటిని మొదటి భాగంగా ముందే ముద్రించవచ్చు. దానికి కావలసిన ఫైళ్లు 19వ తేదీకి ఇవ్వగలను. లేదా, నాతో చాలా కాలంగా పనిచేస్తున్న డిజైనర్ ఒకరు మిగిలిన పేజీలు అమర్చడానికి సిద్ధంగా ఉన్నారు. మన ఒప్పందంలో గోప్యత షరతు ఉంది, కాబట్టి మీరు రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే ఆయనకు ఫైళ్లు ఇస్తాను. ఆయనకు చెల్లించవలసింది నేనే చూసుకుంటాను, మీపై అదనపు భారం పడదు. నా మటుకు మొదటి దారే మేలనిపిస్తోంది. పట్టికలు మధ్యలో చేతులు మారితే పొరపాట్లకు తావు ఎక్కువ.

చివరి విడత చెల్లింపు కూడా తుది ఫైళ్లు అందాకే చేయండి. పాత తేదీకి చెల్లించనవసరం లేదు.

ఈ బుధవారంలోగా మీ నిర్ణయం తెలియజేస్తే దానికి తగ్గట్టు పని సర్దుకుంటాను. ఈ వారం ఫోనులో ఎక్కువసేపు మాట్లాడలేను గానీ మెయిళ్లు ఉదయం, సాయంత్రం చూస్తాను. అత్యవసరమైతే మెసేజ్ పెట్టండి, వీలైనంత త్వరగా జవాబిస్తాను.

ఇట్లు,
మాధవి
పుస్తక రూపకర్త

జత: 1 నుంచి 5 అధ్యాయాల పీడీఎఫ్