ఆరు గేదెల పాడి యూనిట్‌కు టర్మ్ లోన్ కోరుతూ బ్యాంకుకు సమర్పించే ప్రతిపాదన

తేదీ: 12-06-2025
పామర్రు మండలం, కృష్ణా జిల్లా

గౌరవనీయులైన బ్రాంచి మేనేజరు గారికి,

మాకు కాలువ కింద మూడెకరాల సొంత భూమి, రెండు గేదెలు, ఒక బోరు ఉన్నాయి. పదకొండేళ్లుగా ఊళ్లోని పాల కేంద్రానికి పాలు పోస్తున్నాము. పదిహేను రోజులకొకసారి వచ్చే పాల బిల్లు తమ శాఖలోని నా ఖాతాలోనే జమ అవుతోంది. ఈ పాడిని విస్తరించేందుకు గ్రేడెడ్ ముర్రా గేదెలు ఆరింటిని కొనదలచి, రూ. 6,00,000 రుణం మంజూరు చేయవలసిందిగా కోరుతున్నాను.

యూనిట్ మొత్తం వ్యయం రూ. 8,00,000. ఇందులో రవాణాతో కలిపి గేదె ఒక్కింటికి రూ. 95,000 చొప్పున ఆరింటికి రూ. 5,70,000, పాకకు రూ. 1,20,000, మోటారుతో కూడిన గడ్డి కోసే యంత్రానికి రూ. 30,000, క్యాన్లు తదితర సామగ్రికి రూ. 10,000, మొదటి ఏడాది పశువుల బీమాకు రూ. 22,800, తొలి నెలల దాణాకు రూ. 47,200 అవుతుంది. నా వాటా రూ. 2,00,000 సిద్ధంగా ఉంది.

ఆరు గేదెలనూ ఒకేసారి కొనకుండా, రెండో ఈత ఈని పక్షం దాటని గేదెలను మొదట మూడు, ఆరు నెలల తరువాత మరో మూడు కొంటాను. రెండేళ్ల క్రితం మా రెండు గేదెలూ ఒకే కాలంలో వట్టిపోయి, దాదాపు నాలుగు నెలలు క్యాన్ ఖాళీగానే ఉంది. మేత ఖర్చు మాత్రం ఆగలేదు. ఆ అనుభవం వల్లనే ఈ ఏర్పాటు. కనుక రుణాన్ని కూడా రెండు విడతలుగా విడుదల చేయగలరు. లెక్కల్లో మాత్రం మొత్తం రుణం మొదటి రోజే తీసుకున్నట్టు భావించి, ఏడాదికి 10 శాతం వడ్డీ వేశాను.

రెండో సంవత్సరం నుంచి ఒక్కో గేదె ఏడాదిలో 252 రోజులు, రోజుకు సగటున 8 లీటర్లు ఇస్తుందని అంచనా వేసి, ఏడాదికి 12,096 లీటర్లుగా లెక్కించాను. మా కేంద్రంలో వెన్న శాతాన్ని బట్టి ధర కడతారు. 7 శాతం వెన్నకు లీటరుకు రూ. 56 చొప్పున పాల రాబడి రూ. 6,77,376, పేడ ఎరువు రూ. 20,000, వెరసి రూ. 6,97,376. దూడల అమ్మకాన్ని ఆదాయంలో చేర్చలేదు.

ఖర్చుల్లో పెద్దది దాణా. పాలిచ్చే గేదెకు రోజుకు 5.5 కిలోలు, వట్టిపోయినదానికి 2 కిలోల చొప్పున, కిలో రూ. 28 ధరకు ఏడాదికి రూ. 2,70,816 అవుతుంది. ఎకరంలో నేపియర్ గడ్డి పెంచుతాము కాబట్టి పచ్చిమేతకు సాగు ఖర్చు రూ. 24,000 మాత్రమే, సొంత వరిగడ్డి చాలనప్పుడు కొనడానికి రూ. 30,000. కాలువ కట్టేసిన వేసవి నెలల్లో ఆ ఎకరానికి బోరు నీరే ఆధారం. పనిమనిషికి రూ. 48,000, బీమా రూ. 22,800, దూడల పోషణ రూ. 18,000, గాలికుంటు, గొంతువాపు టీకాలతో సహా వైద్యానికి రూ. 15,000, కరెంటుకు రూ. 12,000 కలిపి మొత్తం ఖర్చు రూ. 4,40,616.

మొదటి ఏడాది రెండో విడత గేదెలు ఆలస్యంగా రావడం వల్ల 10,920 లీటర్ల పాలు, ఎరువుతో కలిపి రూ. 6,25,520 రాబడి, రూ. 3,58,170 ఖర్చు ఉంటాయి. ఆ ఏడాది బీమా యూనిట్ వ్యయంలోనే ఉన్నందున ఖర్చులో మళ్లీ చూపలేదు. గేదెలు, పాక, యంత్రాలపై తరుగుదల ఏటా రూ. 69,000గా తీసుకున్నాను.

అంచనా లాభం, రుణ చెల్లింపు (రూపాయల్లో)

| సంవత్సరం | మిగులు | వడ్డీ | నికర లాభం | అసలు, వడ్డీ కలిపి చెల్లింపు | చెల్లింపు నిష్పత్తి |
|---|---|---|---|---|---|
| 1 | 2,67,350 | 60,000 | 1,38,350 | 1,80,000 | 1.49 |
| 2 | 2,56,760 | 48,000 | 1,39,760 | 1,68,000 | 1.53 |
| 3 | 2,56,760 | 36,000 | 1,51,760 | 1,56,000 | 1.65 |
| 4 | 2,56,760 | 24,000 | 1,63,760 | 1,44,000 | 1.78 |
| 5 | 2,56,760 | 12,000 | 1,75,760 | 1,32,000 | 1.95 |

ఐదేళ్ల మొత్తం మిగులును మొత్తం చెల్లింపుతో భాగిస్తే సగటు నిష్పత్తి 1.66. రెండో ఏడాది ఒక్కో పాల బిల్లు సగటున రూ. 28,224 ఉంటుంది. అందులో రూ. 7,000 చొప్పున మినహాయించుకుంటే ఆ ఏడాది బాకీ తీరుతుంది. ఇందుకు బ్యాంకుకు అనుమతి పత్రం రాసి ఇస్తాను.

రెండో ఏడాదిలో పాల ధర లీటరుకు రూ. 4 తగ్గితే నిష్పత్తి 1.24కు, దిగుబడి 7 లీటర్లకు పడితే, పాలిచ్చే గేదెకు దాణా కూడా రోజుకు అర కిలో తగ్గుతుందని లెక్కించి, 1.15కు దిగుతుంది. రెండూ ఒకేసారి జరిగితే మాత్రం రూ. 17,080 లోటు వస్తుంది. దీన్ని దాచిపెట్టి ప్రతిపాదన ఇవ్వడం నాకు ఇష్టం లేదు. ఆ లోటును ఈ లెక్కలో చేర్చని పాత రెండు గేదెల ఆదాయం నుంచి, రెండెకరాల వరి రాబడి నుంచి పూడుస్తాను.

హామీగా ఎకరంన్నర మాగాణి తనఖా ఇవ్వడానికి, పశువులను, యంత్రాన్ని బ్యాంకు పేర హైపోథికేషన్ చేయడానికి సిద్ధంగా ఉన్నాను. పట్టాదారు పాసుపుస్తకం, 1బి, గత మూడేళ్ల పాల బిల్లులు, పాక అంచనా, యంత్రం కొటేషన్ జతపరిచాను. కొనుగోలుకు ముందు గేదెలను పశువైద్యాధికారి, తమ ఫీల్డ్ ఆఫీసరు గారు చూసి, రెండు పూటలా పాలు పితికించి, కొలిచిన తరువాతే సొమ్మును అమ్మకందారు ఖాతాకు నేరుగా చెల్లించగలరు.

ఇట్లు,
తమ విధేయుడు,
వి. సుబ్బారావు
పాడి రైతు